పదకొండు వేల మందికి పులుసు

ఇరవై కిలోల బొచ్చె చేప, కాలం కాని కాలంలో ధర పెట్టి తెప్పించిన పచ్చిమామిడికాయలు, మూడు పెద్ద దాకలు, అద్దెకు తెచ్చిన వంద కుర్చీలు. దుకాణం ముందు ఒక ఫ్లెక్సీ. దాని మీద మా బావ రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. పక్కన ‘పదకొండు వేల మంది అభిమానులకు వందనం’ అని రాసి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఫాలోవర్లందరికీ ఉచితంగా చేపల పులుసు భోజనం అని ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటించాడాయన. పదకొండు వేల మందీ వస్తే ఎలా అని ముందురోజు రాత్రంతా మా అక్కను నిద్రపోనివ్వలేదు. పోలీసులకు ఒక మాట చెప్పి ఉంచుదామా అని నన్నూ అడిగాడు.

తొమ్మిది మంది వచ్చారు. అందులో ఆరుగురం బంధువులం. మిగిలిన ముగ్గురిలో ఒకాయన కుర్చీల అద్దె వసూలుకు వచ్చినవాడు. నెల్లూరు చేపల పులుసు మరునాటికి ఇంకా రుచిగా ఉంటుందన్న నమ్మకం మన జిల్లాలో ఇంటింటా ఉంది కనుక సరిపోయింది. ఆ నమ్మకం మీద మా వీధి మొత్తం మంగళవారం దాకా బతికింది.

అసలీ పదకొండు వేల మంది ఎక్కడివాళ్లో చెప్పాలి. స్టోన్‌హౌస్‌పేటలో బావకు పులుసు కట్టించుకుని వెళ్లే చిన్న దుకాణం ఉంది. దాని పేరుతో ఒక పేజీ, అందులో నాలుగు వందల మంది చిల్లర. వారానికి పదిమంది చేరేవారు, ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయేవారు. అంతలో రొట్టెల పండుగ వచ్చింది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇవ్వడం, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకోవడం మనకు తెలిసిందే. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, విదేశీ రొట్టె, ఇలా కోరికకొకటి. అక్కడ ఒక పెద్దావిడ మనవడి కోసం ఉద్యోగ రొట్టె అడుగుతుంటే, ఇచ్చే కుర్రవాడు “తీసుకో అవ్వా, బాగా పనిచేస్తుంది, నాకు రెండు ఉద్యోగాలు వచ్చాయి, ఒకటి నీ మనవడికి ఇప్పిస్తాను” అన్నాడు. ఆ ముచ్చట బావ ఫోనులో పడింది. లక్షల మంది చూశారు. పది రోజుల్లో పేజీ పదకొండు వేల రెండు వందలకు చేరింది. వీడియో పెట్టిన మర్నాడే బావ మళ్లీ చెరువుకు వెళ్లి, ఫాలోవర్ల రొట్టె ఎవరైనా ఇస్తారేమోనని మోకాలి లోతు నీళ్లలో గంటసేపు తిరిగాడని మా అక్క చెబుతుంది. ఆయన కాదంటాడు.

ఆ తర్వాత ఆ అంకె కదలలేదు. ఒకరోజు రెండు పెరుగుతుంది, మరునాడు మూడు తగ్గుతుంది. బావ మొదట దిష్టి అన్నాడు. ఫోనుకు నిమ్మకాయ కట్టడం కుదరక, ఛార్జరుకు కట్టాడు. తర్వాత ఎవరో చెప్పారని, కంపెనీ వాళ్లు తన పేజీని రహస్యంగా తొక్కేస్తున్నారన్నాడు. ఈ రెండో అనుమానం ఆయనకు ఎంతో సుఖాన్నిచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల పెద్ద కంపెనీ ఒకటి స్టోన్‌హౌస్‌పేట పులుసును చూసి భయపడుతోందంటే ఎవరికి ఉండదు ఆనందం?

ఆ ఆనందాన్ని మా మేనకోడలు ఒక నిమిషంలో తీసేసింది. సెట్టింగుల్లో అకౌంట్ స్టేటస్ అని ఒకటి ఉంటుంది. పేజీలో ఏదైనా తొలగించారా, కొత్తవాళ్లకు సిఫారసు చేయకుండా ఆపారా అన్నది అక్కడ కనిపిస్తుంది. తెరిచి చూపించింది. అంతా పచ్చగా, టిక్కులతో కళకళలాడుతోంది. “నిన్ను ఎవరూ తొక్కడం లేదు నాన్నా” అంది. బావ ముఖం చిన్నబోయింది. శత్రువు లేడని తెలిసి అంత దిగులుపడిన మనిషిని నేను చూడలేదు.

ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది. లెక్కలంటే ఇష్టం, తండ్రంటే జాలి. ఒక పాత నోటు పుస్తకం తీసుకుని కూర్చుంది.

“చెరువులో నీటి మట్టం కదలడం లేదంటే వాగు ఎండిపోయిందని అర్థం కాదు. వచ్చినంత నీరూ అలుగు మీంచి పోతూ ఉండవచ్చు. నువ్వు చూస్తున్నది మట్టం మాత్రమే” అని మొదలుపెట్టింది. పేజీ గణాంకాల్లో చేరినవాళ్లు, వదిలిపోయినవాళ్లు విడివిడిగా ఉంటారట. ఆ వారం చేరినవాళ్లు 84 మంది. పోయినవాళ్లు 81 మంది. తేడా మూడు. బావ ఇన్నాళ్లూ ఆ మూడును చూసి ఏడుస్తున్నాడు. పండుగకు ముందు వారానికి పదిమందే చేరేవారు కదా, ఇప్పుడు 84 అంటే నయమే కదా అన్నాను నేను. “అప్పుడే సంతోషించకు మామయ్యా” అంది.

ఆ 84 మందిని ఏ వీడియో తెచ్చిందన్నది తర్వాతి ప్రశ్న. ఒక్కో రీల్ లోపలికి వెళ్తే దాని ద్వారా ఎంతమంది చేరారో ఉంటుంది. అయితే అది మొదటినుంచీ కలిపిన మొత్తం కనుక, ప్రతి ఆదివారం రాసుకుని, పోయిన ఆదివారం అంకెను తీసివేస్తే తప్ప వారం లెక్క తేలదు. ఆమె అప్పటికే రాసి పెట్టుకుంది. 84 మందిలో 60 మంది ఇంకా ఆ రొట్టెల వీడియో తోకను పట్టుకుని వస్తున్నవాళ్లే. పులుసు వీడియోలు అన్నీ కలిసి తెచ్చింది 24 మందిని.

అంటే అసలు పెరుగుదల కొలవాలంటే ఆ ఒక్క వీడియోను లెక్కలోంచి తీసేయాలి. తీసేస్తే పండుగకు ముందు వారానికి పది, ఇప్పుడు ఇరవై నాలుగు. పేజీ ఆగిపోలేదు. మెల్లగా ఎప్పటిలాగే నడుస్తోంది, కాస్త వేగం కూడా పెరిగింది. మధ్యలో వచ్చిన ఆ పది రోజులే మామూలు అనుకున్నాడు బావ. ఇప్పుడా తోక కూడా వారం వారం చిన్నదవుతోంది. దాని 60 కాస్తా ముప్పై అయి, వదిలిపోయేవాళ్లు అంత త్వరగా తగ్గకపోతే, అంకె ఆగడం కాదు, దిగడం మొదలవుతుంది.

వదిలిపోతున్నది ఎవరు? పేర్లు చెప్పదు ఇన్‌స్టాగ్రామ్. ఆ సంగతి విని బావ కొంత నిరాశపడ్డాడు, ఫోను చేసి కనుక్కుందామనుకున్నాడేమో. కానీ ఏ రోజున ఎంతమంది పోయారో తెలుస్తుంది. పులుసు రీల్ పెట్టిన మర్నాడల్లా పోయేవాళ్లు పెరుగుతున్నారు. ఊళ్ల వివరం చూస్తే హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ముందున్నాయి. నెల్లూరు వాటా నూటికి ఏడు. వాళ్లు కోరి వచ్చింది చెరువు గట్టు మీది ముచ్చట్ల కోసం. తర్వాత తెరిచినప్పుడల్లా చేప ముక్కలు కనిపిస్తున్నాయి. వందల మైళ్ల దూరాన ఉన్నవాడు ఉచిత పులుసు అంటే మాత్రం ఏం చేస్తాడు పాపం, బొటనవేలితో పైకి తోస్తాడు.

నష్టం అక్కడితో ఆగదు. రీల్‌ను ఎవరికి ఎంత చూపాలన్నది చూసినవాళ్ల ప్రవర్తనను బట్టే ఉంటుంది. ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎంతమందికి నచ్చింది, ఎంతమంది ఇంకొకరికి పంపారు అన్నవి ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పాడు. కొత్తవాళ్ల దాకా చేరడానికి ఆ పంపడం మరింత ముఖ్యమట. మన పులుసు చూసే మొదటి గుంపులో ఎక్కువమంది పులుసు అక్కరలేని పండుగ జనం. వాళ్లు చూడరు. వాళ్లు చూడకపోతే పులుసు కోసం నాలుక చాచి కూర్చున్న గూడూరు మనిషి దాకా అది వెళ్లదు. పదకొండు వేల మంది ఉండడమే అడ్డమైంది.

“మరి దొరికినవాళ్లయినా చేరాలి కదా?” అన్నాడు బావ. అది మంచి ప్రశ్న. పేజీ తెరిచి చూసినవాళ్ల సంఖ్య, అందులో చేరినవాళ్ల సంఖ్య పక్కపక్కన పెట్టింది పిల్ల. పండుగ రోజుల్లో పేజీ తెరిచిన నలుగురిలో ఒకరు చేరారు. ఇప్పుడు ముప్పై మందిలో ఒకరు. రీల్ చూసి, బాగుందనుకుని, పేజీ దాకా వచ్చి, గుమ్మంలోంచి తిరిగి వెళ్లిపోతున్నారు. కారణం కోసం వెతకనక్కరలేదు. వీడియో పేలగానే బావ పేజీ పేరు ‘రొట్టెల పండుగ ముచ్చట్లు’ అని మార్చేశాడు. పైన గుచ్చి పెట్టిన మూడు వీడియోలూ చెరువువే. పులుసు కోసం వచ్చినవాడికి రొట్టె, రొట్టె కోసం వచ్చినవాడికి పులుసు. ఇద్దరూ దండం పెట్టి వెళ్లిపోతున్నారు.

రోగం తెలిసిందని బావ ఆ రాత్రే వైద్యం మొదలుపెట్టాడు. పేరు మార్చాడు, బొమ్మ మార్చాడు, వీడియోలు పెట్టే వేళ మార్చాడు, పాట మార్చాడు, చొక్కా కూడా మార్చాడు. ఆ వారం పులుసు వీడియోల ద్వారా చేరినవాళ్లు కొంచెం పెరిగారు. వీటిలో దేనివల్ల అని అడిగితే చొక్కా అంటాడు. కూతురు తల పట్టుకుంది. పేరు, పైన గుచ్చిన వీడియోలు మాత్రం కొత్తవి ఉంచి, మిగతావి పాత పద్ధతికి తెచ్చి, రెండు వారాలు ఏదీ ముట్టుకోవద్దని తండ్రి చేత ఒట్టు వేయించుకుంది.

ఒట్టు గడువు తీరాక అసలు పరీక్ష పెట్టింది. లోపం పులుసు వీడియోలోనే ఉందా, లేక చూసే జనంలోనా? దీనికి ట్రయల్ రీల్ అని ఒకటుంది, 2024 డిసెంబరులో వచ్చింది. ముందు ఫాలోవర్లకు చూపకుండా తెలియనివాళ్లకే చూపుతుంది. పండుగ జనం అడ్డు ఉండదు. ఒకే పులుసు, ఒకే ముప్పై సెకన్లు, రెండు రకాలుగా పెట్టింది. మొదటిదానిలో బావ ఎనిమిది సెకన్ల పాటు అందరికీ నమస్కారం చెప్పి, తన దుకాణం చరిత్ర ఆరంభిస్తాడు. రెండోదానిలో మాటల్లేవు. మరుగుతున్న దాకలోకి మా అక్క చేయి మామిడికాయ ముక్కలు వేస్తూ ఉంటుంది.

రెంటినీ ఇంచుమించు ఒకే సంఖ్యలో చూశారు. మొదటిదాన్ని సగటున నాలుగు సెకన్లు, అంటే నమస్కారం సగంలో ఉండగానే వదిలేశారు. ఇద్దరు చేరారు. రెండోదాన్ని సగటున పదిహేడు సెకన్లు చూశారు, ముప్పై ఒక్క మంది చేరారు. ఒక్కసారితో నమ్మకూడదని పిల్ల మరుసటి వారం బొమ్మిడాయలతో మళ్లీ చేసింది. అంకెలు కొంచెం మారాయి కానీ వరస మారలేదు. పులుసులో దోషం లేదు. చూసే జనంలో కొంత, ఆరంభంలో కొంత.

పేజీ ఇప్పుడు పదివేల తొమ్మిది వందలకు దిగింది, ఇంకా దిగుతుందని పిల్ల ముందే హెచ్చరించింది. నెల్లూరు వాటా మాత్రం నూటికి పదకొండయింది. ఫోను ఆర్డర్లు వస్తున్నాయి. బావ ఇదంతా ఓపికగా విన్నాడు. ఆయనకు మిగిలింది ఒకే బాధ.

“నా పేజీలో నేను ఎక్కడైనా ఒకచోట కనిపించకూడదా అమ్మా?”

“చివరి మూడు సెకన్లలో పెడతాను నాన్నా,” అంది మేనకోడలు గ్రాఫును చూస్తూ. “అక్కడి దాకా ఎలాగూ ఎవరూ రారు.”