ఆరు నెలల కాగితంతో రైల్వే ఉద్యోగం రాదు

"ప్లస్ టూ అయ్యాక మూడేళ్ల డిగ్రీ దండగ. ఆరు నెలల సర్టిఫికెట్ చేస్తే ఖర్చు తక్కువ, ఉద్యోగం గ్యారంటీ. రైల్వేకి కూడా పనికొస్తుంది." ఈ మాట చాలామంది చెబుతుంటారు. ఇందులో ఒక్కో ముక్కా చూద్దాం.

ముందు రైల్వే సంగతి. అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు, జాతీయ, రాష్ట్ర వృత్తి శిక్షణ మండళ్లైన ఎన్‌సీవీటీ లేదా ఎస్‌సీవీటీ గుర్తింపు ఉన్న సంస్థలో నిర్ణీత ట్రేడ్‌లో ఐటీఐ అడుగుతారు. డిప్లొమా, ఇంజనీరింగ్ వాళ్లకూ అవకాశం ఉంది. ఆరు నెలల ఎలక్ట్రికల్ కోర్సు అందులో ఎక్కడా లేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ పిల్లలు బరంపురంలో ప్రభుత్వ ఐటీఐ ఉండగా, గోడ మీద ఐఎస్ఓ, ఎంఎస్‌ఎంఈ కాగితాలు తగిలించిన సెంటర్లకు డబ్బు కడుతుంటే బాధేస్తుంది. ఆ కాగితాలు సంస్థకే గానీ కోర్సుకు గుర్తింపు కాదు. చేరే ముందు "ఎన్‌సీవీటీ సర్టిఫికెట్ ఇస్తారా, ఏ ట్రేడ్‌లో?" అని అడగండి. సూటిగా చెప్పకపోతే చేరొద్దు.

ఖర్చు తక్కువన్న మాట ఊరిని బట్టి మారుతుంది. పర్లాకిమిడి అబ్బాయి విశాఖలో ఆరు నెలల కోర్సుకు వెళ్లాడనుకుందాం. ఫీజు 25,000, గదికీ తిండికీ నెలకు 6,000 చొప్పున 36,000 వేసుకుంటే మొత్తం 61,000. అదే అబ్బాయి ఇంట్లో ఉండి ఊళ్లోని కాలేజీలో డిగ్రీ చేస్తే, ఏటా ఫీజు 4,000, పుస్తకాలకూ రాకపోకలకూ నెలకు 1,000 వేసుకున్నా మూడేళ్లకు 48,000. డిగ్రీలో ప్రధానంగా పోయేది సంపాదించే కాలమే. ఇంట్లో ఆదాయం వెంటనే కావాలంటే అది పెద్ద నష్టమే, కాదనను.

ఇక దండగ అన్నది. బ్యాంకు క్లర్కుకు ఏదో ఒక డిగ్రీ ఉండాలి, స్టేషన్ మాస్టర్‌కూ అంతే. ఐటీఐతో ఆ తలుపులు తెరుచుకోవు. కానీ డిగ్రీ కూడా ఒక్కటే సరిపోదు, ముఖ్యంగా మన సరిహద్దు తెలుగువాళ్లకు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు కనీసం ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. ఆంధ్రలో చదువుకోని మనవాళ్లు అక్కడ స్థానికేతరులు, పోటీపడే పోస్టులు చాలా తక్కువ. రైల్వే పరీక్ష మాత్రం తెలుగులోనూ రాయొచ్చు.

ఐటీఐ, డిగ్రీల్లో ఒకటే ఎంచుకోవాలని కూడా లేదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ప్లస్ టూ ఉంటే, పని చేసుకుంటూనే ఇగ్నోలో బీఏ, బీకాం కట్టొచ్చు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉండి, చేతిపని మీద ఇష్టమున్న పిల్లలకు నేను ఈ దారే చెబుతాను: ముందు ఐటీఐ, తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్, ఆ పక్కనే దూరవిద్యలో డిగ్రీ.