‘అవే మందులు’ ఇంకెన్నాళ్లు?

మూర్ఛ రోగికి రాసిన ఫినోబార్బిటోన్ మాత్ర అదే ఇంట్లో మరొకరికి నిద్రమాత్రగా మారడం, నాలుగేళ్ల కిందటి చీటీ చూపినా దుకాణంలో మరో అట్ట చేతికి రావడం మన పట్టణాల్లో ఎవరూ తప్పుగా చూడని వ్యవహారంగా స్థిరపడిపోయింది. అడిగితే ఇచ్చేవారి దగ్గరా పుచ్చుకునేవారి దగ్గరా ఒకే సమాధానం ఉంటుంది: ఏళ్ల తరబడి వాడుతున్నాం, ఏమీ కాలేదు. ఈ మందు విషయంలో ఇంతకంటే ప్రమాదకరమైన వాదన మరొకటి లేదు. ఏళ్ల తరబడి వాడటమే ఇక్కడ అసలు ముప్పు కాబట్టి ఆ మాటను సమర్థనగా కాక, నేరాంగీకారంగా వినవలసి ఉంటుంది.

ఫినోబార్బిటోన్ బార్బిట్యురేట్లు అనే మత్తునిచ్చే మందుల కుటుంబానికి చెందినది, వాటి కథ కొత్తది కాదు. 1903లో జర్మనీలో వెరోనాల్ అనే బార్బిట్యురేట్ నిద్రమందు వచ్చింది, 1912లో ఫినోబార్బిటాల్ అని కూడా పిలిచే ఈ ఫినోబార్బిటోన్ లూమినాల్ పేరుతో వచ్చింది, అదే ఏడాది హాప్ట్‌మన్ అనే యువ వైద్యుడు అది ఫిట్స్‌ను కూడా ఆపుతుందని గుర్తించాడు. తర్వాతి అర్ధశతాబ్దం పాటు పాశ్చాత్య దేశాల్లో నిద్రపట్టని ప్రతివారికీ ఈ కుటుంబానికి చెందిన ఏదో ఒక మాత్ర రాశారు. ఫలితంగా న్యూయార్క్ ఒక్క నగరంలోనే 1957-63 మధ్య ఈ మందుల మోతాదు మించి వెయ్యిమందికి పైగా మరణించారు. 1960 తర్వాత డయాజిపామ్ వర్గపు మందులు రావడంతో వైద్యులు నిద్రకోసం బార్బిట్యురేట్లు రాయడం క్రమంగా మానుకున్నారు. మిగిలింది ఫినోబార్బిటోన్. అది కూడా నిద్రమందుగా కాదు, ఫిట్స్ మందుగా మిగిలింది. నవజాత శిశువుల ఫిట్స్‌కు ఇప్పటికీ వాడతారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో దానికి చోటుంది, గార్డినాల్ పేరుతో మన ఇళ్లలోనూ అది పరిచితమే. చౌకగా దొరికే ఈ మందును పూర్తిగా కట్టడి చేస్తే పేద మూర్ఛ రోగి నష్టపోతాడన్న అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. అయితే మూర్ఛ రోగికి అందాలన్న వాదన నిద్రపట్టని పెద్దాయన చేతిలో ఆ అట్ట పెట్టడానికి అనుమతి పత్రం కాజాలదు.

ఈ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో లెక్క వేసి చూస్తే ‘ఏమీ కాలేదు’ అనే మాటలోని డొల్లతనం బయటపడుతుంది. మింగిన ఫినోబార్బిటోన్‌లో సగం ఖర్చు కావడానికి పెద్దవారిలో సుమారు 4 రోజులు పడుతుంది. రోజూ రాత్రి 60 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకునే మనిషిని తీసుకుందాం. రెండో రాత్రి మాత్ర వేసుకునే వేళకు మొదటి మాత్రలో ఇంకా 50 మిల్లీగ్రాములు ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి ఆ రాత్రి అతని ఒంట్లో ఉన్నది 60 కాదు, 110. వారం తిరిగేసరికి అది 260 దాటుతుంది. మూడు వారాలకు 370 దగ్గర నిలకడ పడుతుంది. అంటే వేసుకుంటున్నది ఒక మాత్రే అయినా ఒంట్లో తిరుగుతున్నది ఆరు మాత్రలకు పైగానే. వయసు మీదపడి కాలేయం, మూత్రపిండాలు మందగించిన వ్యక్తిలో ఆ 4 రోజులు 5 అయితే అదే మోతాదుకు నిల్వ 460 వరకు పోతుంది. ఇది రాత్రి నిద్రపుచ్చి తెల్లవారేసరికి తప్పుకునే మందు కాదు, మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా మెదడును పట్టుకునే ఉంటుంది. పగలంతా మగత, మాట తడబాటు, నడకలో తూలుడు, కళ్లు నిలకడ లేకుండా అదరడం వంటివి దాని గుర్తులు. డెబ్బై ఏళ్ల మనిషిలో ఇవి కనిపిస్తే ఇంట్లోవారు వయసు మీద నెపం వేస్తారు, బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే నేల తడిగా ఉందంటారు. రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్ష ఉందన్న సంగతి ఎవరికీ తట్టదు. ఫిట్స్ చికిత్సలో మిల్లీలీటరు రక్తానికి 15 నుంచి 40 మైక్రోగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. 40 దాటిన దగ్గర నుంచే పైన చెప్పిన లక్షణాలు పెరుగుతూ పోతాయి, ఇంకా పైకి పోతే స్పృహ తప్పుతుంది. మేలు చేసే మోతాదు ముగిసే చోటే కీడు మొదలవుతుందన్నమాట.

ఇక అలవాటు సంగతి. నిద్రకోసం వాడిన బార్బిట్యురేట్ రెండు వారాల్లోనే పట్టు కోల్పోతుంది. మెదడులో నిద్రకు సంబంధించిన భాగం మందుకు అలవాటుపడుతుంది, కాలేయం కూడా దాన్ని వేగంగా విరిచే ఎంజైములను పెంచుకుంటుంది. నిద్ర పట్టడం లేదని మనిషి మోతాదు పెంచుతాడు. కానీ శ్వాసను నడిపే మెదడు కాండం అంతగా అలవాటు పడదు. ప్రాణం తీసే మోతాదు దాదాపు ఉన్నచోటే ఉండగా నిద్రకు కావలసిన మోతాదు మాత్రం దానివైపు జరుగుతూ పోతుంది. ఇది పైకప్పు కదలకుండా నేల మాత్రం పైకి లేస్తున్న గది. పదేళ్లుగా ఆ గదిలో ఉన్నవాడు, నాకేమీ కాలేదంటూ అందులోనే నిలబడి ఉన్నాడు. దానిపైన ఒక పెగ్గు మద్యం చేరినా, దగ్గు మందుగా కోడీన్ చేరినా మిగిలిన జాగా ఎంతో చెప్పగలవారు లేరు.

డయాజిపామ్ వర్గానికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. మెదడులో గాబా అనే రసాయనం నరకణాల్లోకి క్లోరైడును పోనిచ్చే ద్వారాలను తెరిచి వాటి ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. డయాజిపామ్ ఆ ద్వారాలు ఇంకొంచెం తరచుగా తెరుచుకునేలా చేస్తుంది, గాబా లేనిచోట దానికి పనిలేదు, అందువల్ల దాని ప్రభావానికి ఒక హద్దుంది. బార్బిట్యురేట్ ద్వారాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, మోతాదు పెరిగితే గాబాతో నిమిత్తం లేకుండా తానే తెరుస్తుంది, అందువల్ల దానికి ఆ హద్దు లేదు. పైగా డయాజిపామ్ విషయంలో అవసరమైతే ఇవ్వడానికి ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉంది, ఫినోబార్బిటోన్‌కు విరుగుడే లేదు. 1940లలో డెన్మార్క్ వైద్యులు ఉత్తేజక మందులు గుచ్చి రోగిని లేపాలన్న పాత పద్ధతిని పక్కనపెట్టి, శ్వాస మార్గాన్ని తెరిచి ఉంచడం, ప్రాణవాయువు అందించడం, రక్తపోటు నిలపడం మీదే దృష్టి పెట్టిన తర్వాతే మరణాలు రెండు శాతం దరిదాపులకు దిగాయి. నేటికీ చేసేది ప్రధానంగా అదే. వైద్యానికి ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి పదేపదే పట్టించడం, మూత్రాన్ని క్షారంగా మార్చడం, తీవ్రమైతే డయాలిసిస్ తోడవుతాయి. ఇవన్నీ జరిగే రోజులు నాలుగో అయిదో కావచ్చు, అన్ని రోజులూ రోగి వెంటిలేటర్ మీద ఉండవలసి రావచ్చు. రాత్రి పదకొండు గంటలకు మండల కేంద్రంలో వెంటిలేటర్ ఎక్కడుందో మందు అమ్మినవారు చెబితే బాగుంటుంది.

డయాజిపామ్, అదే వర్గానికి చెందిన ఆల్ప్రజోలామ్ నిర్దోషులని దీని అర్థం కాదు, వాటికీ అలవాటు పడతారు, మద్యంతో కలిస్తే వాటివల్లా ప్రాణాలు పోతాయి. బార్బిట్యురేట్లకు ‘సురక్షిత’ ప్రత్యామ్నాయంగానే 1957లో, తర్వాత గర్భస్థ శిశువుల అంగవైకల్యానికి కారణమైన థాలిడోమైడ్‌ను జర్మనీలో అంగడికి తెచ్చారన్న సంగతి కూడా మరవరాదు. నిద్రమందుల చరిత్రలో సురక్షితమన్న ప్రతి మాటకూ ఎవరో ఒకరు వెల చెల్లించారు.

మరో విషయం మన ప్రాంతానికి నేరుగా తగులుతుంది. రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటం చెడి, కృత్రిమ కవాటం వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ లేదా ఆసిట్రోమ్ వాడేవారు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఫినోబార్బిటోన్ పెంచే కాలేయ ఎంజైములు ఆ మందునూ వేగంగా విరిచేస్తాయి. నిద్రకోసం పక్కింటివారి మాత్ర అరువు తెచ్చుకుంటే కవాటం మీద గడ్డ ఏర్పడే ముప్పు పెరుగుతుంది. తర్వాత ఆ మాత్ర మానేస్తే, దాని ప్రభావాన్ని సరిదిద్దడానికి పెంచుకున్న వార్ఫరిన్ మోతాదు ఎక్కువైపోయి రక్తస్రావం కావచ్చు. గర్భనిరోధక మాత్రల పరిస్థితీ ఇంతే, వాడుతున్నామన్న ధీమా ఉంటుంది కానీ పని చేయకపోవచ్చు.

ఇది చదివి భయపడి రేపటి నుంచి మాత్ర ఆపేయాలని ఎవరైనా అనుకుంటే అది మరింత పెద్ద పొరపాటు. నెమ్మదిగా ఖర్చయ్యే మందు కాబట్టి మానేసిన రెండు మూడు రోజులు ఏమీ కాదు, మానేయగలిగామన్న ధైర్యం వస్తుంది. నిల్వ తరిగాక వణుకు, నిద్రలేమి, పీడకలలు మొదలవుతాయి, కొందరికి ఎన్నడూ రాని ఫిట్స్ వస్తాయి, మూర్ఛ రోగికైతే ఆగకుండా వస్తాయి. వైద్యుని పర్యవేక్షణలో వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించడమే మార్గం. మూర్ఛకోసం వాడుతున్నవారు ఒక్క పూట కూడా తమంతట తాము మానరాదు.

చట్టంలో లోటు ఉందా అంటే లేదు. ఔషధ నిబంధనల్లోని 65వ నిబంధన ప్రకారం చీటీ మీద వైద్యుడి సంతకం, తేదీ, ఇవ్వవలసిన మొత్తం పరిమాణం ఉండాలి, మళ్లీ ఇవ్వవచ్చని వైద్యుడు రాస్తే తప్ప ఒకే చీటీకి రెండోసారి మందు ఇవ్వరాదు, ఇచ్చిన తేదీని దుకాణదారు ఆ చీటీపైనే రాయాలి. మాదకద్రవ్యాల నిరోధక చట్టం మనోప్రభావక పదార్థాల జాబితాలోనూ ఫినోబార్బిటాల్ పేరుంది. ఇన్ని ఉన్నా కౌంటర్ దగ్గర పనిచేస్తున్నది ‘ఏళ్ల తరబడి వాడుతున్నారు కదా’ అనే ఒక్క నిబంధనే. గంజాయి పొట్లం పట్టుకుని విలేఖరుల ముందు ప్రదర్శించే అధికార యంత్రాంగానికి, అదే చట్టం పరిధిలోని మాత్ర పాత చీటీ మీద చేతులు మారడం కనపడకపోవడం వింత.

మొదటి బాధ్యత వైద్యులదే. కొత్త కాగితం మీద ‘అవే మందులు కొనసాగించండి’ అని రాయడానికి పది సెకన్లు చాలు, కానీ ఆ పది సెకన్లలో మాత్ర ఎందుకు మొదలైందో, చివరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చిందో, ఇంకా అవసరమో లేదో అడిగినవారు లేరు. నిద్రలేమి ఉందంటే దాని కారణం వెతకాలి, ఉబ్బసమా, నొప్పా, దిగులా, సాయంత్రం తాగే మూడో కాఫీనా అని అడగాలి. అది కాస్త సమయం పట్టే పని. ఆ సమయం లేదనుకునే వైద్యుడు తన సంతకం కింద ఏం రాశాడో రోగి పిల్లలకు వివరించే రోజుకైనా సమయం కేటాయించుకోవాలి. ఇక మందుల దుకాణదారుల సంఘాలు ఆన్‌లైన్ అమ్మకాలపై బంద్‌లు ప్రకటించేటప్పుడు, తమ దగ్గరైతే అర్హత కలిగిన ఫార్మసిస్టు చీటీ చూసే మందు ఇస్తాడని గట్టిగా చెబుతుంటాయి. ఆ మాట నిజమైతే నాలుగేళ్ల కిందటి తేదీ వేసిన చీటీ మీద ఈ నెల ఫినోబార్బిటోన్ ఇచ్చిన ఫార్మసిస్టు ఎవరో, దానిపై ఇచ్చిన తేదీ ఎందుకు రాయలేదో ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టర్ అడగకముందే సంఘమే అడగాలి.