నీ మొహం తెల్లబోవుగాక!

మా కోనసీమలో ట్రావెల్స్ ఆఫీసు ఉన్నచోట జెరాక్సు కొట్టు, దాని పక్కన ‘అరబీ కాగితాలు తెలుగు చేయబడును’ అనే బోర్డు మామూలే. అలాంటి ఒక బోర్డు కింద కూర్చున్న మహానుభావుడికి గట్టి సిద్ధాంతం ఉంది. ప్రేమగా రాసినదాన్ని అక్షరం పొల్లుపోకుండా మారుస్తాడు, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

కువైట్‌లో ఇంటిపని చేసే ఒకావిడ సెలవు మీద ఊరొచ్చింది. అటు వెళ్తున్నవాళ్ళతో యజమానురాలికి పూతరేకులు పంపి, ఇంకో పది రోజులు సెలవడిగింది. ఆవిడ ఫోన్‌లో జవాబు పెట్టింది: “బయ్యదల్లాహు వజ్‌హిక్. అలా ఐనీ వ రాసీ.”

మనవాడి తెలుగు: “దేవుడు నీ మొహం తెల్లబరచుగాక. నా కంటి మీద, నా తల మీద.”

ఇల్లంతా టెన్షన్. మొహం తెల్లబోవడమంటే మనకి పరువు పోవడమే కదా! పూతరేకుల్లో చీమలు పట్టాయేమోనని తల్లి ఏడుపు. సెలవు నెత్తిమీద బరువైందంటోంది, ఉద్యోగం ఊడిందని బాబాయి తీర్పు. కంటి సంగతేమిటో ఎవరికీ తేలక, కళ్ళజబ్బేమో పాపం అని పక్కింటి పిన్నిగారు జాలిపడింది. పాపం ఆ మహాతల్లి అన్నది ఇంతే: “చల్లగా ఉండు తల్లీ. అలాగే ఉండిరా, దానికేం.” చదివేది కన్నతల్లి. ఆమెకి కావలసింది అవతలివాళ్ళ మనసు, మాటల లెక్క కాదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మూడేళ్ళు పూర్తయి ఆవిడ పని మానేసేటప్పుడు ‘ముఖాలసా’ అనే కాగితం ముందు పెట్టారు. ఫొటో తీసి తమ్ముడికి పంపింది. మనవాడు ఈసారి హఠాత్తుగా స్వేచ్ఛానువాదకుడైపోయాడు: “ఊరెళ్ళడానికి కాగితం. సంతకం పెట్టెయ్యమను.”

అందులో ఉన్నది “ఇస్తలమ్‌తు కాఫ్ఫత ముస్తహక్కాతీ”. అంటే “నాకు రావలసిన బకాయిలన్నీ అందాయి”. దాని కిందే, ఇకమీదట యజమానిని ఏదీ అడిగే హక్కు నాకు లేదన్న వాక్యం. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్ళకి పని ముగిశాక ఏడాదికో నెల జీతం ఇవ్వాలి. ఆవిడకి మూడు నెలల జీతం రావాలి. ఇప్పుడు ఎక్కడ అడిగినా ఆ సంతకమే చూపిస్తారు.

ఒరేయ్, అది నీ కవిత్వానికి చోటా? అక్కడ తెలుగు ఎంత మొరటుగా ఉన్నా ఫరవాలేదు. “అందాయి” అంటే అందాయనే రాయి. మొత్తం వేయాల్సిన చోట ఖాళీ ఉంటే ఖాళీ ఉందని రాయి. అరబీలో ఐదు వాక్యాలుంటే తెలుగులోనూ ఐదూ కనపడాలి. చదివేది సంతకం పెట్టబోయే మనిషి. నువ్వు మింగేసిన వాక్యం ఆవిడ మూడు నెలల చెమట!

మొహం తెల్లబోయిన కాగితానికీ, దీనికీ ఒకటే రేటు తీసుకున్నాడట.