ఓన్లీ గారి సీటు మార్పిడి

ఆఫీసుల్లో జరిగే ప్రమాదాలకు కారణం సర్వర్లు, కరెంటు, కాఫీ మెషిన్ అని మీరు నమ్ముతూ ఉంటే ఇకనైనా మానేయండి. అసలు నేరస్థుడు నాలుగక్షరాల ఇంగ్లీషు మాట, పేరు ఓన్లీ. అనుచరులు ఇద్దరు: ఆల్సో, ఈవెన్.

ఒక శుక్రవారం సాయంత్రం మా సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి ముందు టెస్టింగ్ చూసే కుర్రాడు స్టేటస్ నోట్ పెట్టాడు: “వీ ఓన్లీ టెస్టెడ్ రీఫండ్స్ ఆన్ స్టేజింగ్.” మొత్తం ఆరు మాటలు. అమెరికాలో ఉన్న క్లయింట్ అది చదివి, రీఫండ్స్ మాత్రమే టెస్ట్ చేశారా, పేమెంట్స్ సంగతేంటి అన్నాడు. రిలీజ్ చూసే ఆవిడ, స్టేజింగ్ అనే నకలు సైట్‌లోనే చూసి వదిలేశారా అంది. డెవలపర్, టెస్ట్ చేయడమే తప్ప దొరికిన తప్పు ఒక్కటీ సరిచేయలేదన్నమాట అని నిట్టూర్చాడు. ముగ్గురివీ వ్యాకరణం ఒప్పుకునే అర్థాలే.

కుర్రాడు చెప్పదలచుకున్నది మాత్రం నాలుగోది. “మేమే టెస్ట్ చేశాం సార్, పక్క టీమ్ చేయి వేయలేదు” అన్న ఫిర్యాదు అది. ‘మేమే’లోని ‘ఏ’ని జాగ్రత్తగా విడదీసి, ఓన్లీగా మార్చి, ‘వీ’ పక్కన పెట్టాడు. తెలుగులో పక్కన పెడితే పని అయిపోతుంది, ఎందుకంటే మన ‘ఏ’ ఏ మాటని పట్టుకుంటే దాన్నే పట్టుకుని ఉంటుంది. రీఫండ్సే, స్టేజింగ్‌లోనే, మేమే. ఎవరి బిడ్డ ఎవరి చంకలో ఉందో చీకట్లో కూడా తెలుస్తుంది. ఇంగ్లీషు ఓన్లీ అలా కాదు. క్రియ ముందు సీటు చూసుకుని కూర్చుని, చూపు మాత్రం నాలుగు వరసల అవతల ఎవరి మీదో పెడుతుంది.

ఇది మన అజ్ఞానమే అనుకోనక్కర్లేదు. “హీ ఓన్లీ డైడ్ ఎ వీక్ అగో” అన్న వాక్యాన్ని తప్పు పట్టేవాళ్లు అతి చేస్తున్నారని, ఇంగ్లీషు వాడుక మీద పేరున్న పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే కసురుకున్నాడు. మాట్లాడేటప్పుడు గొంతు ఏ మాట మీద నొక్కితే ఓన్లీ దానికి చెందుతుంది, చిక్కు లేదు. స్టేటస్ నోట్‌కి గొంతు లేదు. రాత్రి పదకొండింటికి చదివేవాడు తన భయాన్ని బట్టి నొక్కుకుంటాడు.

క్లయింట్ భయాన్ని బట్టి రిలీజ్ సోమవారానికి వాయిదా పడింది. గురువారమే టెస్ట్ చేసిన పేమెంట్స్‌ని పిల్లలు శనివారం మళ్లీ చేశారు.

ఆ ‘ఏ’కి ఇంకో వ్యాపకం ఉంది. “ఈరోజే పంపండి” అన్నప్పుడు అది మిగతా రోజుల్ని కొట్టేయడం లేదు, తొందర పెడుతోంది. అదే “సెండ్ ఇట్ టుడే ఓన్లీ” అయ్యేసరికి ఆషాఢం సేల్ బోర్డు అయిపోతుంది. మా వాడు ఇలా అడిగిన ఫైల్‌ని విదేశీ సహోద్యోగి అసలు పంపలేదు. మర్నాడు అడిగితే, గడువు ఒక్క రోజే అన్నావు కదా, దాటిపోయింది కాబట్టి ఇక అవసరం లేదనుకున్నాను అన్నాడట.

అనుచరుల విషయానికొస్తే, మన ‘కూడా’ ఒక్కటే ఇద్దరి డ్యూటీ చేస్తుంది. “మేనేజర్ గారు కూడా ఆ మెయిల్ చూడలేదు” అంటే, అన్నీ చూసే మనిషికే కనపడలేదంటే ఇక మాకేం కనపడుతుంది అని సమర్థించుకోవడం. దానికి ఈవెన్ కావాలి. కుర్రాడు ఆల్సో పెట్టాడు. దాంతో మేనేజర్ గారు చూడనివాళ్ల జాబితాలో ఇంకో పేరు అయ్యారు. ‘సైతం’ అని విడిగా ఒక మాట ఉంది గానీ, దానికి పత్రికల్లో తప్ప ఉద్యోగం దొరకడం లేదు. మరుసటి వారం పాఠం నేర్చుకున్న కుర్రాడు “ఐ ఈవెన్ అప్‌డేటెడ్ ది షీట్” అని రాశాడు. షీట్ కూడా నింపాను అని అతని భావం. ఈవెన్ వచ్చిందంటే ఊహించనిది జరిగిందని అర్థం కదా. షీట్ నింపడం అంత వింతా అని క్లయింట్ ఆరా తీశాడు.

నేను కనిపెట్టిన తనిఖీ ఒక్కటే. ఓన్లీ రాశాక “మరి ఏది కాదు?” అని అడుగుతాను. ఆల్సో అయితే “అంతకుముందు ఏది?” అంటాను. జవాబు నోట్‌లో దొరక్కపోతే ఆ మాట తీసేసి ఇంకో వాక్యం రాయిస్తాను: “పేమెంట్స్, రీఫండ్స్ రెండూ మేము టెస్ట్ చేశాం. పక్క టీమ్ నుంచి ఎవరూ రాలేదు.” పొడుగ్గానే ఉంది. శనివారం ఆఫీసుకి రావడం కంటే పొట్టిదే.

ఈ సంస్కరణని టీమ్ మొత్తానికి సర్క్యులర్‌గా పంపాను: “ప్లీజ్ ఓన్లీ యూజ్ ఓన్లీ ఆఫ్టర్ ఆస్కింగ్ మీ.” పది నిమిషాల్లో జవాబు వచ్చింది. “సార్, అయితే ఆల్సో, ఈవెన్ మానేసి ఇక ఓన్లీ మాత్రమే వాడాలా?”