నేరం జరగకపోతే కేసే ఉండదట!

“నేరం పూర్తయితేనే కేసు. ఖాళీ జేబులో చెయ్యి పెడితే దొంగతనం కాదు. సిద్ధపడటం నేరం కాదు. కూర్చుని మాట్లాడుకుంటే ఏ సెక్షనూ వర్తించదు. చెయ్యమన్నవాడికి, అవతలివాడు చెయ్యకపోతే ఏమీ కాదు. పది గ్రూపులకు పంపండి.”

పంపేశారు కూడా. చదువుకున్న మిత్రులే, రోజుకొకరు చొప్పున.

ఖాళీ జేబు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 62వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణే అది. దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, ప్రయత్నానికి అందులో సగం. జేబులో ఏమీ లేకపోవడం దొంగ దురదృష్టమే తప్ప నిర్దోషిత్వం కాదు.

సిద్ధపడటం నేరం కాదన్నది మాత్రం, ఆశ్చర్యంగా, చాలావరకు నిజం. 1961లో పర్మిట్ లేకుండా పంజాబ్ దాటించడానికి వడ్ల బస్తాలతో బయల్దేరిన లారీని ఢిల్లీకి 32 మైళ్ల దూరంలో, సమాల్ఖా దగ్గర ఆపారు. సరిహద్దు ఇంకా రాలేదు, దారిలో మనసు మార్చుకుని వెనక్కి తిప్పేవారేమో కదా అని సుప్రీంకోర్టు వాళ్లను వదిలేసింది. అదే కోర్టు 1980లో మరో లారీని వదల్లేదు. వెండి దిమ్మెలతో రాత్రివేళ బొంబాయి దగ్గర సముద్రపు పాయ ఒడ్డుకు చేరారు, దించడం మొదలైంది, నీటి మీద మర పడవ ఇంజిన్ చప్పుడు వినిపించింది. పడవలోకి ఒక్క దిమ్మె ఎక్కకపోయినా అది ప్రయత్నమే అంది. అంతకుముందు మేజిస్ట్రేట్ శిక్ష వేసినా, సెషన్స్ కోర్టూ హైకోర్టూ అది సన్నాహమే అని కేసు కొట్టేశాయి. అంటే సన్నాహానికీ ప్రయత్నానికీ మధ్య గీత ఎక్కడుందో జడ్జీలకే ఒక మాట మీద కుదరదు. మీరేమో మెసేజ్ నమ్ముకుని గీత పక్కన నిలబడతారు!

పైగా కొన్ని నేరాలకు సన్నాహమే చాలు. బందిపోటు దోపిడీకి సిద్ధపడితే పదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, గడప తొక్కకపోయినా.

ఇక ఊరికే మాట్లాడుకోవడం గురించి. మనసులో ఒకరిని చంపాలనుకుంటే ఏ చట్టమూ పట్టించుకోదు. ఇద్దరు కలిసి చంపుదామని ఒప్పుకున్నారంటే మాత్రం, కత్తి కొనకముందే కుట్ర నేరం పూర్తయినట్టే. తర్వాత ఒకడు భయపడి ఇంటికెళ్లిపోయినా ఆ ఒప్పందం చెరిగిపోదు. పక్కన కూర్చుని టీ తాగినవాడు కుట్రదారు అయిపోడు, ఒప్పుకున్నట్టు రుజువు చెయ్యాలి. కానీ ఆ రుజువు ఫోన్ కాల్స్, డబ్బు బదిలీ, ముందూ వెనకా ప్రవర్తన అన్నీ కలిపి వస్తుంది. ఎవరూ స్టాంపు కాగితం మీద కుట్ర రాసుకోరు.

ఆఖరి పాయింటే నన్ను మండించింది. పురికొల్పినవాడు నిశ్చింతగా ఉండొచ్చట. “సి”ని చంపమని “బి”ని “ఎ” పురికొల్పాడు, “బి” ససేమిరా అన్నాడు, అయినా “ఎ” నేరస్థుడే అని చట్టం ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పింది. హత్య జరగకపోయినా ఏడేళ్ల దాకా, ఆ పురికొల్పడం వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే పద్నాలుగేళ్ల దాకా. కోపంలో ఉన్న కుర్రాడికి “నువ్వు చెప్పు చాలు, నీకేం కాదు” అని ఈ మెసేజ్ భరోసా ఇస్తోంది. ఏడేళ్లు జైల్లో కూర్చుని పది గ్రూపులకు పంపుకోమనండి, ఫోన్ ఇస్తే.