నెంబరు పక్కన ఇంకో గడి

ఆత్రేయపురం పూతరేకుల పెట్టె హైదరాబాదు వెళ్లాలంటే దాని మీద చిరునామాతో పాటు ఫోన్ నెంబరు ఉండాలి. నెంబరు లేకపోతే పార్సిల్ తెచ్చిన కుర్రాడు వీధి చివర నుంచే వెనక్కి తిరుగుతాడు. అందుకే అడగ్గానే ఎవరైనా ఇస్తారు. అయితే వాళ్లు ఇచ్చింది ఆ పెట్టె చేరడానికి. నాలుగు నెలలు పోయాక అదే నెంబరుకు పండగ ఆఫర్లు, కొత్త సరుకు ఫొటోలు పంపితే, అడగకుండా వాడుకున్నట్టే. పూతరేకులైనా, కడియం మొక్కలైనా, నరసాపురం లేసైనా ఇప్పుడు ఫోన్ మీదే ఆర్డర్లు తీసుకుంటున్న మన డెల్టాలో ఈ తేడా చాలామందికి తట్టడం లేదు. చెడ్డ ఉద్దేశంతో కాదు, చెప్పినవాళ్లు లేక.

ఇంటి దగ్గర నలుగురు ఆడవాళ్లతో రేకులు తీయించి అమ్ముకునే ఒకావిడ ఉందనుకుందాం. పొడుగు పుస్తకంలో 300 నెంబర్లున్నాయి. సంక్రాంతికి ముందు మేనల్లుడు వచ్చి, “అత్తా, ఒక్కొక్కరికీ ఏం పంపుతావు, అందరినీ ఒకే గ్రూపులో వేసేస్తాను” అని తన ఫోన్లో వాట్సాప్ గ్రూపు కట్టేశాడు. ఆ క్షణంలోనే 300 మందికీ 300 నెంబర్లు కనిపించిపోయాయి. కాసేపటికి ఎవరో రియల్ ఎస్టేట్ ప్లాట్ల ఫొటో పెట్టారు. మర్నాడు ఒక కొనుగోలుదారుకు ముక్కూమొహం తెలియనివాడి నుంచి “హాయ్ మేడమ్” అని మెసేజి వచ్చింది. కొందరు చప్పుడు చేయకుండా గ్రూపు వదిలారు, కొందరు ఈవిడ నెంబరునే బ్లాక్ చేశారు. అలా బ్లాక్ చేసినవారికి రేపు పార్సిల్ బయల్దేరిందని చెప్పినా చేరదు. రుచికి వచ్చిన ఖాతాదారులు గ్రూపుతో పోయారు.

దీనికి విరుగుడు పుస్తకంలోనే ఉంది. పేరు, నెంబరు, ఊరు అని ఉన్న మూడు గడుల పక్కన ‘దేనికి’ అని నాలుగోది గీసుకోవాలి. ఆర్డరు తీసుకునేటప్పుడు ఇలా అడగవచ్చు: “పార్సిల్ కోసం నెంబరు చెప్పండి. సంక్రాంతికీ దసరాకీ ఒక్కో మెసేజి పెడుతుంటామండి, మీకు పంపమంటారా?” పంపమంటే ‘పండగ’ అని తేదీ వేసి రాయాలి. వద్దన్నా, ఏమీ అనకుండా ఊరుకున్నా ‘పార్సిల్’ అనే రాయాలి. మౌనం అంగీకారమన్న మాట పెళ్లిచూపుల్లో చెల్లిందేమో గానీ ఇక్కడ చెల్లదు. వద్దన్నవారికి పెట్టె ఇవ్వడం మానకూడదు, తగ్గింపూ కోయకూడదు. అలా చేస్తే ‘సరే’ అన్నవారిది కూడా ఇష్టంతో అన్న మాట కాదు.

300 మందిలో 120 మంది పంపమన్నారనుకుందాం. వాళ్లకు గ్రూపు కాదు, బ్రాడ్‌కాస్ట్ లిస్టు కట్టాలి. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. ఎవరికి వారికి విడిగా వచ్చినట్టే ఉంటుంది, ఒకరి నెంబరు మరొకరికి కనబడదు. ఒక మెలిక ఉంది: మన నెంబరును తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవారికే ఆ మెసేజి చేరుతుంది. వ్యాపారులు దీన్ని ఇబ్బందిగా చూస్తారు. మాకు మాత్రం ఇది మంచి జల్లెడ అనిపిస్తుంది. నిజంగా కావాలనుకున్నవారే సేవ్ చేసుకుంటారు కదా. పెట్టెలో వేసే చీటీ మీద “మా కబురు కావాలంటే ఈ నెంబరు సేవ్ చేసుకోండి, వద్దనుకుంటే ‘వద్దు’ అని పంపండి” అని రెండు వరుసలు అచ్చు వేయిస్తే సరిపోతుంది.

‘వద్దు’ వచ్చిన రోజే ఆ పేరు లిస్టులోంచి తీయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పేరు పూర్తిగా చెరిపేస్తారు. ఆర్నెల్లకు ఆ మనిషి మళ్లీ ఆర్డరిస్తే కొత్త ఖాతాదారు అనుకుని మళ్లీ ఎక్కిస్తారు. అందుకే పుస్తకం చివర ‘వద్దన్నవారు’ అని ఒక పేజీ ఉంచి, ప్రతి పండగకూ మెసేజి పంపే ముందు దానితో సరిచూసుకోవాలి.

నెంబర్లు బయటికి పొక్కేది ఎక్కువగా దొంగతనంగా కాదు, చనువు మీద. మేనల్లుడి ఫోన్లో ఎక్కించిన పేర్లు అతని జీమెయిల్ ఖాతాలోకి కూడా చేరి ఉండవచ్చు. అతను రేపు వేరే కొట్టులో చేరితే జాబితా అతనితోనే నడిచి వెళుతుంది. వ్యాపారానికి విడిగా ఒక సిమ్, ఒక చవక ఫోను పెట్టుకుని అందులోనే సేవ్ చేయాలి. ఇంకో ఉపాయం చెబుతాం. ఇంట్లో ఎవరూ ఎక్కడా ఇవ్వని నెంబరు ఒకటుంటే, దాన్ని మారుపేరుతో జాబితాలో కలిపి ఉంచండి. ఆ మారుపేరుతో పిలుస్తూ ఎవరైనా అప్పులిస్తామనో ప్లాట్లనో పలకరిస్తే మీ జాబితా బయటపడిందని తెలిసిపోతుంది.

పదివేల నెంబర్లు అమ్ముతామని, మెసేజీలు కూడా తామే పంపుతామని తిరిగేవారి మాట వినవద్దు. వ్యాపార ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం సంస్థల డీఎల్‌టీ వేదికలో పేరు నమోదు చేసుకుని, పంపేవారి గుర్తు, మెసేజి నమూనా రెండూ ముందే ఆమోదింపజేసుకోవాలి. మామూలు పదంకెల నెంబరు నుంచి పంపితే, 2025లో ట్రాయ్ సవరించిన నిబంధనల ప్రకారం, 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వచ్చినా చర్య మొదలవుతుంది. తొలి తప్పుకు 15 రోజులు బయటికి కాల్స్, మెసేజీలు ఆగిపోతాయి. మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లే తీసేస్తారు. పార్సిళ్ల మీద బతికే ఇంటికి ఫోన్ 15 రోజులు మూగబోవడం అంటే పండగ సీజనంతా పోవడమే. విసిగిన జనానికి 1909 ఉంది. మెసేజి వచ్చిన 7 రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. వాట్సాప్ మెసేజీలు దీని కిందికి రావు, అక్కడ బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టడమే దారి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెప్పేదీ ఇదే. మందుల కొట్టులో కొన్నామె డబ్బు ముట్టినట్టు మెసేజి పంపమని నెంబరు ఇస్తే, ఆ రసీదు పంపడానికి దాన్ని వాడవచ్చని ఆ చట్టం ఉదాహరణే ఇచ్చింది. ఆఫర్లకు వాడుకోవాలంటే విడిగా అడగాల్సిందే. ఇచ్చిన సమ్మతిని ఎంత తేలిగ్గా ఇచ్చారో అంతే తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. కాగితం మీదే ఉన్న పుస్తకానికి ఈ చట్టం వర్తించదు గానీ, అందులోని నెంబర్లు ఫోన్లోకి ఎక్కించగానే వర్తిస్తుంది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. బిల్లు కోసం మొబైల్ నెంబరు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణదారులకు చెప్పింది. అయినా రావులపాలెంలో బట్టల కొట్టుకెళ్లినా, భీమవరంలో చెప్పులు కొన్నా “నెంబర్ చెప్పండి సార్, లేకపోతే బిల్లు రాదు” అన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. బిల్లుకు నెంబరు అక్కర్లేదని కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి యజమాని ఒక్కసారి చెబితే చాలు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సమ్మతి అడిగే కాగితం తెలుగులో ఉండవచ్చని చట్టమే అంటోంది. మన వర్తక సంఘాలు వచ్చే సంక్రాంతి లోపు, ‘పార్సిల్’ అనీ ‘పండగ కబురు’ అనీ రెండు ఖాళీ గడులున్న చిన్న చీటీని అచ్చు వేయించి కొట్టుకొక కట్ట చొప్పున పంచాలని కోరుతున్నాం. రెండో గడిలో టిక్కు ముందే పెట్టి ఉండకూడదు.