చిన్నాయన నల్ల పేస్టూ, వెనక లేని ఆ ఒక్క లైనూ

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో మా చిన్నాయన వాళ్లింట్లో రెండ్రోజులున్నా. పొద్దున ఆరింటికి లేచి చూస్తే ఆయన బాల్కనీలో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు, బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి, పలకరిస్తే ఆగు అన్నట్టు చెయ్యి ఊపాడు. నోట్లో నువ్వుల నూనె. 20 నిమిషాలు గడియారం చూసుకుని మరీ తిప్పుతాడంట. తర్వాత బాత్రూంలోకి పోయి నల్లటి పేస్టుతో వాష్ బేసిన్ అంతా తారు రోడ్డు చేసి వచ్చాడు. రెండేళ్లుగా ఇదే వరస అని చిన్నమ్మ గొణుగుడు, బేసిన్ కడిగేది ఆవిడే కదా.

టిఫిన్ దగ్గర చల్లటి నీళ్లు తాగి ఎడమ బుగ్గ పట్టుకున్నాడు. జివ్వుమంటుందంట, ఆర్నెల్ల నుంచి. అదే రోజు లాక్కెళ్లి పళ్ల డాక్టర్‌కి చూపించా. ఎడమవైపు కోరపన్నూ దాని వెనకున్న రెండు పళ్లూ చిగురు దగ్గర గొడ్డలితో చిన్న గాటు పెట్టినట్టు అరిగిపోయి ఉన్నాయి, గోరు పెడితే గాడి తగులుతుంది. చిగురు కిందికి జారిన చోట రెండు పళ్ల వేర్ల మీద పుచ్చు కూడా మొదలైంది. కుడిచేత్తో తోముకునేవాళ్లకి ఎడమవైపు ఎక్కువ అరగడం మామూలే అంది డాక్టరమ్మ, బలం అంతా అటే పడుతుంది కాబట్టి.

అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. ఆ నల్ల ట్యూబ్ తిప్పి చూశా. నేను జీడిమెట్లలో ఒక కాస్మెటిక్స్ ల్యాబ్‌లో ఆరేళ్లు పనిచేశా, పేస్టులు కలపడం, టెస్ట్ చెయ్యడం, ఇదే పని, అందుకే ముందు వైపు బొమ్మలు చూడను, వెనక్కి తిప్పుతా. ముందు వైపు "డీటాక్స్", "నేచురల్ వైటెనింగ్", "ఫ్లోరైడ్ లేదు" అని గర్వంగా వేసుకున్నాడు. వెనక కాల్షియం కార్బొనేట్, సిలికా, యాక్టివేటెడ్ చార్‌కోల్, లవంగ నూనె, గ్లిజరిన్. పుచ్చుని ఆపే ముక్క ఒక్కటి కూడా లేదు.

"చిన్నాయనా, దీంట్ల ఫ్లోరైడ్ లేదు" అన్నా.

"లేదనే కదరా కొన్న. మా ఊళ్ల ఫ్లోరైడ్‌తోని నడుములు వంగినోళ్లని నువ్వు సూడలే, నేను సూసిన. నీళ్లల్లది సాలదని పేస్టుల గూడ తినమంటవా?"

ఈ మాటకి నేను నవ్వలేను. నల్గొండ ఫ్లోరోసిస్ చూసినవాడెవడూ నవ్వలేడు. మన రాష్ట్రంలో ఫ్లోరైడ్ అంటే భయపడే హక్కు ఎవరికైనా ఉందంటే ఆ ఊళ్లవాళ్లకే ఉంది. కానీ ఆ భయాన్ని పట్టుకుని వ్యాపారం చేసేవాడి మీద ఒళ్లు మండుతుంది, ఎందుకంటే లెక్క వేసి చూస్తే రెండూ ఒకటి కాదు.

కాగితం తీసి లెక్క రాశా. లీటరుకి 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు అనుకుందాం, ఎండలో పని చేసే మనిషి రోజుకి 3 లీటర్లు తాగితే 12 మిల్లీగ్రాములు, అన్నం పప్పు వండిన నీళ్లు అదనం, అదంతా కడుపులోకే పోతుంది, ఏళ్ల తరబడి రోజూ. పేస్టులో 1000 పీపీఎం అంటే కిలో పేస్టుకి 1000 మిల్లీగ్రాములు, అంటే గ్రాముకి 1. బఠాణీ గింజంత పేస్టు సుమారు పావు గ్రాము, దాన్ని మొత్తం మింగేసినా పావు మిల్లీగ్రాము, మనం ఉమ్మేస్తాం కాబట్టి అది కూడా పూర్తిగా లోపలికి పోదు. నీళ్లలోది ఎముకల్లో చేరుతుంది, పేస్టుది పన్ను పైపొర మీద పనిచేస్తుంది. మనం తీపి తిన్నాక నోట్లో బ్యాక్టీరియా యాసిడ్ చేసి పన్నులోంచి కాల్షియం లాగేస్తుంది, లాలాజలం మళ్లీ దాన్ని నింపుతుంది, ఆ నింపే పని ఫ్లోరైడ్ ఉంటే బాగా జరుగుతుంది, కొత్తగా పేరుకున్న పొర కూడా యాసిడ్‌కి అంత త్వరగా కరగదు.

పిల్లల సంగతి వేరు, వాళ్లు మింగుతారు, పైగా ఎనిమిదేళ్ల లోపు చిగుళ్ల కింద పెద్ద పళ్లు తయారవుతుంటాయి, ఎక్కువైతే మచ్చలు పడతాయి. అందుకే మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత, అదీ పక్కన నిలబడి ఉమ్మించాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో చంటిపిల్లలుంటే పళ్ల డాక్టర్‌ని అడిగి వాడండి. కానీ 63 ఏళ్ల చిన్నాయనకి ఆ భయం ఏంటి చెప్పండి, ఆయన పళ్లన్నీ ఎప్పుడో తయారైపోయాయి.

ఇప్పుడు ఫ్లోరైడ్ ఉన్న ట్యూబ్ ఎలా చదవాలో చెప్తా, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మన దగ్గర నిబంధన ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంతుందో ట్యూబ్ మీదా డబ్బా మీదా వెయ్యాలి. ఆ అంకె వెతకండి, 1000కి దగ్గర్లో ఉంటే చాలు. కొన్నిటి మీద పదార్థం శాతం కూడా ఉంటుంది. ఒకదాని మీద సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం, ఇంకోదాని మీద సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం. చూడగానే మొదటిదే మూడింతలు స్ట్రాంగ్ అనుకుంటాం. కాదు. మొదటిదాని బరువులో ఫ్లోరైడ్ 13 శాతమే, రెండోదాంట్లో 45 శాతం, గుణించి చూస్తే రెండూ 0.1 శాతమే, అంటే 1000 పీపీఎం. పదార్థం శాతాలు పోల్చకండి, పీపీఎం పోల్చండి.

ఇంకోటి, ఇది కొంచెం ల్యాబ్ వాళ్ల సంగతి. పేస్టులో రుద్దే పొడిగా సుద్ద, అంటే కాల్షియం కార్బొనేట్ ఉంటే, అందులో సోడియం ఫ్లోరైడ్ వేస్తే కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది, ట్యూబ్‌లోనే అడుగున పడ్డట్టు అయిపోయి పంటికి అందదు. అందుకే సుద్ద పేస్టుల్లో మోనోఫ్లోరోఫాస్ఫేట్ వేస్తారు, సిలికా పేస్టుల్లో సోడియం ఫ్లోరైడ్ వేస్తారు. సుద్దలో అది కూడా నెలలు గడిచేకొద్దీ మెల్లగా తగ్గుతుంది, కాబట్టి ఒకటి కొంటే రెండు ఫ్రీ అని డేట్ దగ్గరపడ్డవి పోగేసుకోకండి. (ట్యూబ్ చివర రంగు గీత ఆకుపచ్చైతే నేచురల్, నలుపైతే కెమికల్ అని వాట్సాప్‌లో వస్తుంది చూడండి, అది మెషీన్ ట్యూబ్‌ని ఎక్కడ మడవాలో చూసుకునే గుర్తు. దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి.)

గరుకు సంగతి లేబుల్ మీద దొరకదు, ఇదే నాకు కోపం. ఆర్‌డీఏ అని ఒక కొలత ఉంది, పన్ను లోపలి పొర డెంటిన్‌ని పేస్టు ఎంత అరగదీస్తుందో చెప్తుంది, ఒక ప్రామాణిక పొడికి 100 అని పెట్టుకుని దాంతో పోలుస్తారు, అంతర్జాతీయ ప్రమాణంలో పై హద్దు 250. కానీ మనం షాపులో చూసే ట్యూబుల మీద ఈ అంకె కనపడదు. పదార్థాల పేర్లు చూసి కూడా చెప్పలేం, ఎందుకంటే సిలికా మెత్తగానూ ఉంటుంది గరుగ్గానూ ఉంటుంది, రేణువు సైజుని బట్టి. ఆయుర్వేదం పేస్టులో గైరికం అని ఉంటే అది మనోళ్లు గడపలకి పూసే జాజు లాంటి ఎర్రమన్నే, అది ఎంత నలిపి వేశారో మనకేం తెలుసు. బయటి ఎనామెల్ గట్టిది, తట్టుకుంటుంది. చిగురు జారి వేరు బయటపడ్డ చోట మాత్రం మెత్తటి డెంటినే ఉంటుంది, చిన్నాయనకి గాడి పడింది అక్కడే. నేరం మొత్తం పేస్టు మీదే వెయ్యను, గట్టి బ్రష్ పట్టుకుని రంపం కోసినట్టు అడ్డంగా రుద్దుతాడు ఆయన.

బొగ్గు ఇక్కడే మోసం చేస్తుంది. చార్‌కోల్ పేస్టులన్నీ గరుకే అనను, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, ఏది ఎంతో మనకి తెలీదు. కానీ నోరంతా నల్లగా అయ్యాక ఆ నలుపు పోయేదాకా మనిషి ఇంకో రెండు నిమిషాలు గట్టిగా రుద్దుతాడు, నేను కళ్లారా చూశా. తర్వాత అద్దంలో తెల్లగా కనపడతాయి, అప్పటిదాకా నల్లగా చూసి ఉన్నాం కాబట్టి. టీ మరక, పాన్ మరక పైపైన కొంత పోతుంది, అది ఏ పేస్టైనా చేస్తుంది. పన్ను అసలు రంగు లోపలి డెంటిన్‌ది, అది పసుపు, బొగ్గు అక్కడికి పోదు. ఏళ్ల తరబడి రుద్ది పైపొర పలచనైతే లోపలి పసుపు ఇంకా బయటపడుతుంది, తెల్లగా కావాలని కొన్నదానికి ఫలితం అది. హాస్పిటల్లో విషం తాగినవాళ్లకి బొగ్గు తాగిస్తారు కదా అంటాడు చిన్నాయన. అక్కడ కడుపులో ఉన్న విషాన్ని పట్టుకోడానికి పదుల గ్రాములు ఇస్తారు, ఇక్కడ రెండు నిమిషాల్లో ఉమ్మేసే చిటికెడు పొడి, నోట్లో ఏ విషం ఉందని? 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష కూడా ఈ చార్‌కోల్ పేస్టులు పనిచేస్తాయనడానికి, సురక్షితం అనడానికి సరిపడా ఆధారం లేదనే తేల్చింది.

ఇక నూనె. తొంభైల్లో మన తెలుగు ఇళ్లల్లో ఇది జాతరలా నడిచింది, మా అమ్మా చేసేది. "సూడు, తెల్లగ వస్తది, అదంత టాక్సిన్లే" అంటాడు చిన్నాయన. నేను ఒక చిన్న సీసాలో రెండు చెంచాల నూనె, రెండు చెంచాల నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ పోసి ఆయన చేతికిచ్చి ఊపమన్నా. పాలలా తెల్లగా అయింది. ఈ సీసాకి ఏ రోగం ఉంది చిన్నాయనా అన్నా. నూనె లాలాజలంలో చిన్న చిన్న బొట్లుగా విడిపోతే వెలుతురు చెదిరి తెల్లగా కనపడుతుంది, అంతే. నోరు కాసేపు తేటగా అనిపించడం నిజమే, కొన్ని చిన్న అధ్యయనాల్లో పాచి కొంచెం తగ్గిందని కూడా వచ్చింది. కానీ పళ్ల సందుల్లో అతుక్కున్న పాచిని నూనె గోకి తియ్యలేదు, కరిగిన కాల్షియాన్ని తిరిగి నింపలేదు. ఇష్టమైతే చేసుకోమను, కొంచెం నూనెతో, తల వెనక్కి వంచకుండా, ఎందుకంటే పొరమారి నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. బ్రష్ మానేసి చెయ్యడం, నొప్పి ఉన్నా డాక్టర్ దగ్గరికి పోకుండా చెయ్యడం, ఇవే నాకు పేచీ. చిన్నాయన ఆర్నెల్లు చేసింది అదే, జివ్వుమన్నప్పుడల్లా ఇంకో ఐదు నిమిషాలు ఎక్కువ పుక్కిలించాడు.

గాడులు రెండిటికి ఫిల్లింగ్ పెట్టారు, పుచ్చుకి కూడా. మెత్తటి బ్రష్ ఇచ్చారు, తోముకున్నాక ఉమ్మేసి ఊరుకోమన్నారు, నీళ్లు పోసి పుక్కిలిస్తే పంటి మీద మిగలాల్సిన ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది కదా. ఆయనకి ఇదే అన్నిటికంటే కష్టంగా ఉంది, నోరు కడుక్కోకుండా ఎట్లుంటర్రా అని.

మొన్న ఊరికి పోయాడు. పొద్దున్నే ఫోన్. "కిరాణా కొట్టుల ఉన్న. ఎన్క సిన్న అక్షరాలు కండ్లకు ఆనుతలెవ్వు, పిల్లగానితోని సదివిస్తున్న, ఆగు." ఆ పిల్లాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "మో... నో... ఫ్లో..." అని చదువుతుంటే నేను బస్‌లో సీటు పట్టుకుని వింటున్నా. చివర్లో "తొమ్మిది వందల డెబ్బై పీపీఎం" అన్నాడు. చిన్నాయన ఫోన్ లాక్కుని, "వెయ్యికి ముప్పై తక్కువున్నది, ఇంకో కొట్టుకు పోవాల్నా?" అన్నాడు.